మొదటి రెండేళ్ల నష్టం ఎనిమిదేళ్లు వాడుకోవచ్చన్నారు, మరి నాలుగో ఏడాదే టాక్స్ ఎందుకు?

పల్లీల బిడ్డ (జడ్చర్ల) · 21 నవంబర్ 2025

అందరికీ నమస్తే. నేను, మా బావమరిది కలిసి 2022 అక్టోబర్ చివర్లో జడ్చర్ల దగ్గర పల్లి నూనె గానుగ యూనిట్ పెట్టాం. భాగస్వామ్య సంస్థ, నాది 60 వంతు, తనది 40. మొదటి మార్చికి 3 లక్షలు పోయాయి. రెండో ఏడాది లక్ష మిగిలింది కానీ మిషన్ల అరుగుదల కింద రాసే డిప్రిసియేషన్ తీసేస్తే మళ్లీ నష్టమే. మూడో ఏడాది గాడిలో పడింది, 9 లక్షలు. ఈ ఏడాది దసరా, దీపావళి అమ్మకాలు చూస్తే మార్చికి 12 లక్షలు దాటేలా ఉంది. ఇవన్నీ మా ఇద్దరి జీతాలు, బ్యాంకు వడ్డీ పోగా, డిప్రిసియేషన్ తీయక ముందు లెక్కలు.

పోయిన ఏడాది టాక్స్ సున్నా. పాత నష్టం ఎనిమిదేళ్ల దాకా వాడుకోవచ్చు అని మా ఆడిటర్ గారే చెప్పారు. అదే ఆడిటర్ గారు నిన్న ఫోన్ చేసి డిసెంబర్ 15లోపు 2 లక్షల పైన అడ్వాన్స్ టాక్స్ కట్టాలన్నారు. ఎనిమిదేళ్లు ఉండగా నాలుగో ఏడాదే ఎందుకు కట్టాలి? పోయిన ఏడాది సున్నా అయినప్పుడు ఈ ఏడాది అడ్వాన్స్ ఎట్లా వచ్చింది? ఇప్పుడే కొత్త పల్లి మార్కెట్‌కు వస్తోంది, చేతిలో ఉన్న డబ్బంతా సరుకు కొనడానికే పెట్టాలి. బ్యాంకు అప్పు కూడా ఇంకా తీరలేదు.

మిల్లు వెంకన్న (మిర్యాలగూడ) · 21 నవంబర్

తమ్మీ, ఎనిమిదేళ్లు అంటే ఎనిమిదేళ్లు టాక్స్ లేదని కాదు. నష్టం ఎంత ఉందో అంత మేరకే. అది అయిపోతే అయిపోయినట్టే. నేను మిల్లు లెక్కలు ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. మీరు చేసిన తప్పు ఏమిటంటే నష్టం వచ్చిన ఏళ్లలో కూడా డిప్రిసియేషన్ రాసుకున్నారు. అప్పుడు వదిలేసి, లాభం వచ్చిన ఏడు మొత్తం రాసుకుంటే ఇప్పుడు ఈ టెన్షన్ ఉండేది కాదు. పైగా డిప్రిసియేషన్‌కు కూడా ఎనిమిదేళ్ల గడువు ఉంటుంది, చూసుకో.

కోదాడ టు కొండాపూర్ · 21 నవంబర్

నాదీ ఇదే సమస్య. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, నా పేరు మీదే కోదాడలో టిఫిన్ సెంటర్ పెట్టి మూసేశా, 4 లక్షలు పోయాయి. జీతంలోంచి కట్ అయిన టీడీఎస్ రీఫండ్ అడగొచ్చా?

నల్లగొండ పద్దులు · 21 నవంబర్

కోదాడ తమ్ముడూ, మీది ఇదే సమస్య కాదు. వ్యాపార నష్టాన్ని జీతంతో చెల్లుబెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అదే ఏడాది అద్దె, బ్యాంకు వడ్డీ లాంటి ఆదాయం ఉంటే దాంతో చెల్లుబెట్టుకోవచ్చు. మిగిలింది ముందుకు తీసుకెళితే, రాబోయే ఎనిమిదేళ్లలో ఏదైనా వ్యాపారంలో వచ్చే లాభం మీద మాత్రమే వాడుకోవాలి. టిఫిన్ సెంటర్ మూసేసినా ఫర్వాలేదు, ఇంకో వ్యాపారం లాభమైనా చాలు. కానీ జీతం మీద టీడీఎస్ వెనక్కి రాదు.

జడ్చర్ల తమ్ముడూ, లెక్క చెప్పే ముందు రెండు విషయాలు కావాలి. మొదటి ఏడాది రిటర్న్ ఏ తేదీన వేశారు, ఈ-వెరిఫై ఎప్పుడు చేశారు? మిషనరీ ధర ఎంత, సబ్సిడీ ఏమైనా వచ్చిందా?

పల్లీల బిడ్డ · 22 నవంబర్

మేడమ్, మొదటి రిటర్న్ 2023 జూలై 26న వేశాం, అదే రోజు ఓటీపీతో వెరిఫై అయింది. తర్వాతవి కూడా గడువులోపే. మిషన్లు, ఫిల్టర్, బాటిల్ నింపే లైను కలిపి 34 లక్షలు. పీఎంఎఫ్‌ఎంఈ అనే చిన్న ఆహార యూనిట్ల పథకం కింద 10 లక్షల సబ్సిడీ వచ్చింది. షెడ్డు అద్దెది.

నల్లగొండ పద్దులు · 22 నవంబర్

సరే. ఆ పథకంలో 35 శాతం ఇస్తారు కానీ 10 లక్షలకు మించదు, అందుకే మీకు 10 దగ్గర ఆగింది. టాక్స్ లెక్కలో మిషన్ ఖరీదు 34 కాదు, సబ్సిడీ తీసేసి 24 లక్షలే. దీన్ని 34గా వేసుకుని డిప్రిసియేషన్ లెక్కపెట్టే వాళ్లను చాలామందిని చూశాను. ఆ నష్టం కాగితం మీద పెద్దగా కనిపిస్తుంది, స్క్రూటినీలో కరిగిపోతుంది.

ఇక మీ నష్టం ఒకటి కాదు, రెండు రకాలు. వాటిని వేరువేరుగా రాసుకుంటేనే ఈ ఏడాది టాక్స్ ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

మొదటి ఏడాది, 2022-23. డిప్రిసియేషన్ ముందు 3 లక్షలు పోయాయి. ఇది వ్యాపార నష్టం. మిషన్ అక్టోబర్ చివర్లో మొదలైంది కాబట్టి ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ నడిచింది. 15 శాతంలో సగమే, అంటే 24 లక్షల మీద 1 లక్ష 80 వేలు. లాభం లేదు కాబట్టి ఇది కూడా మిగిలిపోయింది. కానీ ఇది డిప్రిసియేషన్ ఖాతాలో మిగిలింది, 3 లక్షల్లో కలవదు.

రెండో ఏడాది, 2023-24. మిషన్ విలువ 22 లక్షల 20 వేలకు తగ్గింది, దాని మీద 15 శాతం 3 లక్షల 33 వేలు. మీకు మిగిలిన లక్ష ఇందులో కొట్టుకుపోయింది. ఇంకా 2 లక్షల 33 వేలు మిగిలింది. ఆ ఏడాది చివరకు మీ దగ్గర వ్యాపార నష్టం 3 లక్షలు, వాడని డిప్రిసియేషన్ 4 లక్షల 13 వేలు.

మూడో ఏడాది, 2024-25. లాభం 9 లక్షలు. ముందు ఆ ఏడాది డిప్రిసియేషన్ 2 లక్షల 83 వేలు తీయాలి, మిగిలింది 6 లక్షల 17 వేలు. తర్వాత పాత వ్యాపార నష్టం 3 లక్షలు, మిగిలింది 3 లక్షల 17 వేలు. చివరగా పాత డిప్రిసియేషన్. అందులో 3 లక్షల 17 వేలు వాడితే ఆదాయం సున్నా. పోయిన ఏడాది మీరు ఏమీ కట్టకపోవడానికి కారణం ఇదే. ఇంకా 96 వేల పాత డిప్రిసియేషన్ మాత్రమే మిగిలింది.

ఈ ఏడాది 12 లక్షలు అనుకుందాం. ఈ ఏడాది డిప్రిసియేషన్ 2 లక్షల 41 వేలు, పాతది 96 వేలు తీస్తే 8 లక్షల 63 వేలు. సంస్థకు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. దాదాపు 2 లక్షల 69 వేల రూపాయలు. డిసెంబర్ 15 నాటికి 75 శాతం కట్టాలి, అంటే 2 లక్షల 2 వేలు. మీ ఆడిటర్ గారు చెప్పింది సరిగ్గా ఇదే.

పల్లీల బిడ్డ · 22 నవంబర్

ఇప్పుడు అర్థమైంది మేడమ్. కానీ మేము ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకుకు అసలు కింద కట్టింది చాలా ఉంది. అది నష్టంలో కలవదా? మా చేతిలోంచి పోయినదాన్ని చూస్తే మేము ఇంకా నష్టంలోనే ఉన్నాం.

నల్లగొండ పద్దులు · 22 నవంబర్

అసలు కట్టడం ఖర్చు కాదు, వడ్డీ మాత్రమే ఖర్చు. అసలుతో కొన్న మిషన్ డిప్రిసియేషన్ రూపంలో మెల్లగా లెక్కలోకి వస్తుంది. అప్పు ఐదేళ్లలో తీర్చాలంటారు బ్యాంకు వాళ్లు, డిప్రిసియేషన్ ఏటా 15 శాతం చొప్పున తగ్గుతూ అంతకంటే నెమ్మదిగా వస్తుంది. అందుకే కొత్త యూనిట్లకు మూడు, నాలుగో ఏళ్లలో పుస్తకంలో లాభం, గల్లాపెట్టెలో కటకట ఒకేసారి ఉంటాయి. నష్టం అయిపోయే ఏడాది ఏదో ముందే లెక్కేసుకుని ఉంటే జూన్‌లోనే తెలిసేది.

పోయిన ఏడాది సున్నా కాబట్టి ఈ ఏడాది అడ్వాన్స్ అక్కర్లేదనే నియమం మన దగ్గర లేదు. ఈ ఏడాది టాక్స్ 10 వేలు దాటితే అడ్వాన్స్ కట్టాల్సిందే. జూన్ 15కు 15 శాతం, సెప్టెంబర్ 15కు 45 శాతం కట్టి ఉండాలి. మీరు రెండూ కట్టలేదు. ఆ రెండు వాయిదాలకూ మూడేసి నెలలకు నెలకు ఒక శాతం వడ్డీ, కలిపి 4,800 పైచిలుకు పడుతుంది. అది పోయినట్టే అనుకోండి. డిసెంబర్‌ది కూడా తప్పితే ఇంకో 6 వేలు.

మిల్లు వెంకన్న గారూ, డిప్రిసియేషన్ వదిలేసి తర్వాత రాసుకోవడం పాత రోజుల మాట. 2002-03 అసెస్‌మెంట్ ఏడాది నుంచి మీరు అడిగినా అడగకపోయినా ఇచ్చినట్టే లెక్కవేస్తారు. వదిలేస్తే మిషన్ విలువ తగ్గుతుంది, ప్రయోజనం మాత్రం రాదు. దానికి ఎనిమిదేళ్ల గడువు కూడా లేదు, ఎన్నేళ్లయినా ముందుకు వెళ్తుంది. ఎనిమిదేళ్లు అన్నది ఆ 3 లక్షల వ్యాపార నష్టానికి మాత్రమే. చట్టం కూడా గడువు ఉన్నదాన్ని ముందు వాడనిచ్చి, గడువు లేనిదాన్ని తర్వాతకు ఉంచింది. అది మనకే మంచిది.

మిల్లు వెంకన్న · 22 నవంబర్

గడువు సంగతి ఒప్పుకుంటా మేడమ్. కానీ ఇంత తలనొప్పి ఎందుకు? చిన్న యూనిట్లు 44ఏడీ కింద బ్యాంకు ద్వారా వచ్చే టర్నోవర్ మీద 6 శాతం లాభం చూపించి చేతులు దులుపుకుంటే సరిపోయేది కదా. పుస్తకాలు లేవు, ఆడిటర్ ఫీజు లేదు. మా దగ్గర చాలామంది అదే చేస్తారు.

నల్లగొండ పద్దులు · 22 నవంబర్

లాభాల్లో ఉన్న కిరాణా షాపుకు అది బాగుంటుంది. కొత్త యూనిట్‌కు మొదటి ఏడాదే అందులో దూరితే నష్టం అనేదే పుట్టదు. తమ్ముడి మొదటి ఏడాది టర్నోవర్ అంతా బ్యాంకు ద్వారానే 18 లక్షలు అనుకోండి. 6 శాతం అంటే 1 లక్ష 8 వేల లాభం చూపించాలి. భాగస్వామ్య సంస్థకు కనీస మినహాయింపు ఉండదు, మొదటి రూపాయి నుంచే 31.2 శాతం. నష్టపోయిన ఏడాదే 33 వేల పైన టాక్స్ కట్టి, ఆ 3 లక్షల నష్టాన్ని కూడా పోగొట్టుకునేవాడు. ఆడిటర్ ఫీజు అంతకంటే తక్కువే అయి ఉంటుంది.

గద్వాల జరీ · 23 నవంబర్

ఈ-వెరిఫై తేదీ ఎందుకు అడిగారో నాకు తెలుసు. నాది చీరల షాపు, ఒక్కదాన్నే ప్రొప్రైటర్. మొదటి ఏడాది 2 లక్షల 60 వేలు నష్టం. 2023 జూలై 29న రిటర్న్ వేశారు, అయిపోయిందనుకున్నా. వెరిఫై చేయలేదని సెప్టెంబర్ మధ్యలో మెసేజ్ వచ్చింది, అప్పుడు ఆధార్ ఓటీపీతో చేశా. రిటర్న్ ప్రాసెస్ అయింది, రీఫండ్ ఏమీ లేదు కాబట్టి కాగితం తెరిచి చూడలేదు. పోయిన ఏడాది లాభం వచ్చినప్పుడు ఆ నష్టం తీసుకుందామంటే సిస్టమ్‌లో లేదు! 30 రోజులు దాటాక వెరిఫై చేస్తే, వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టట. అంటే నాది లేటు రిటర్న్ అయింది, నష్టం పోయింది.

నల్లగొండ పద్దులు · 23 నవంబర్

అక్కా, మీ షాపు ఇంటీరియర్ మీద డిప్రిసియేషన్ ఏమైనా మిగిలిందా చూడండి. లేటు రిటర్న్‌తో వ్యాపార నష్టం పోతుంది కానీ డిప్రిసియేషన్ పోదు. మిగతాదానికి ఆలస్యాన్ని మాఫీ చేయమని 119(2)(బీ) కింద దరఖాస్తు పెట్టొచ్చు. 2024 అక్టోబర్ సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఏడాది ముగిసిన ఐదేళ్లలోపు పెట్టాలి. మీకు ఇంకా సమయం ఉంది.

గద్వాల జరీ · 23 నవంబర్

దరఖాస్తు మార్చిలోనే పెట్టాను మేడమ్. ఆలస్యానికి గట్టి కారణం చూపించమన్నారు. మెసేజ్ చూసుకోలేదు అంటే కారణం అవుతుందా అని మా అకౌంటెంటే నవ్వాడు. ఇంకా ఆర్డర్ రాలేదు. ఇంటీరియర్ మీద 40 వేల దాకా ఉంటుంది, అదైనా చూస్తా.

పల్లీల బిడ్డ · 23 నవంబర్

మేడమ్, మా మొదటి రిటర్న్ కూడా అట్లా లేటయి ఉంటే ఎంత పోయేది? ఊరికే తెలుసుకుందామని.

నల్లగొండ పద్దులు · 23 నవంబర్

3 లక్షల మీద 31.2 శాతం, 93,600. కానీ అంతా ఒకేసారి కాదు. పోయిన ఏడాది 6 లక్షల 17 వేల నుంచి డిప్రిసియేషన్ 4 లక్షల 13 వేలు మొత్తం తీసేసినా 2 లక్షల 4 వేలు మిగిలి, దాని మీద 63,648 కట్టేవారు. ఈ ఏడాదికి ఆ 96 వేలు మిగిలేది కాదు కాబట్టి ఇంకో 29,952. నష్టం వచ్చింది 2022-23లో, దాని ఫలితం మీకు అందింది పోయిన ఏడాది కొంత, ఈ ఏడాది కొంత. మధ్యలో ప్రభుత్వం ఆ మొత్తానికి వడ్డీ ఇవ్వదు, పాత ఏడాది కట్టిన టాక్స్ వెనక్కి ఇవ్వడమూ ఉండదు. అందుకే నష్టాన్ని పెంచి చూపించడం కంటే లాభం త్వరగా రావడమే లాభం.

అందరూ ఒక పని చేయండి. ఈ-ఫైలింగ్ పోర్టల్లో 143(1) ఇంటిమేషన్ దించుకుని, మీరు వేసింది, డిపార్ట్‌మెంట్ లెక్కవేసింది పక్కపక్కనే ఉన్న రెండు నిలువు వరుసలూ చూడండి. నష్టం మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేకపోతే అప్పుడే తెలుసుకున్నట్టు. ITR-5లో Schedule CFL వ్యాపార నష్టానికి, Schedule UD డిప్రిసియేషన్‌కు. రెండింట్లోనూ ఏ ఏడాదిది ఎంతో అంకెలు సరిపోవాలి.

మిల్లు వెంకన్న · 23 నవంబర్

తమ్మీ, టాక్స్ తగ్గాలంటే మార్చిలోపు ఇంకో గానుగ కొనెయ్. మా మిల్లుల వాళ్లు అదే చేస్తారు.

పల్లీల బిడ్డ · 23 నవంబర్

6 లక్షల్లో ఇంకో గానుగ అనుకుంటున్నాం నిజమే. జనవరిలో.

నల్లగొండ పద్దులు · 23 నవంబర్

గానుగ కావాలంటే కొనండి, టాక్స్ కోసం వద్దు. జనవరిలో పెడితే 180 రోజులు ఉండవు, మామూలు డిప్రిసియేషన్‌లో సగమే, 45 వేలు. దానివల్ల ఆదా అయ్యే టాక్స్ 14,040. దాని కోసం 6 లక్షలు బయటకు తీయడం, అదీ సరుకు కొనే కాలంలో! నిజంగా పని ఉంటే ఏప్రిల్‌లో పెట్టండి, వచ్చే ఏడాది పూర్తి 15 శాతం వస్తుంది.

డిసెంబర్ 15 గురించి. 12 లక్షలు అనేది అంచనా. కొత్త పల్లి ధర పెరిగి మీ మార్జిన్ తగ్గితే 9 లక్షలే రావచ్చు. అప్పుడు టాక్స్ లక్షా 76 వేలకు దిగుతుంది. నవంబర్ ఆఖరి వరకు పుస్తకాలు మూసి, నాలుగు నెలలు తక్కువ లాభంతో వేసుకుని డిసెంబర్‌లో కట్టండి, మార్చి 15న సరిచేయండి. తక్కువ కట్టిన దానికి నెలకు ఒక శాతం వడ్డీ. మీ క్యాష్ క్రెడిట్ వడ్డీ ఎంతో చూసుకుని మీరే తేల్చుకోండి.

పల్లీల బిడ్డ · 24 నవంబర్

ఇంకో విషయం మేడమ్, ఇది ముందే చెప్పాల్సింది. మా బావమరిదికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే మార్చిలో బయటకు వస్తానంటున్నాడు. వాడి బదులు మా చెల్లెల్ని భాగస్వామిగా తీసుకుందామని. దీనివల్ల పాత నష్టానికి ఏమైనా ఇబ్బందా?

అచ్చంపేట ఆర్టికల్ · 24 నవంబర్

అన్నా, సెక్షన్ 78 చూడండి. భాగస్వామి తప్పుకుంటే అతని వాటా నష్టాన్ని సంస్థ ముందుకు తీసుకెళ్లకూడదు. మీది 40 వాటా కాబట్టి మిగిలిన 96 వేలలో 38,400 పోతుంది. అంటే టాక్స్ ఇంకో 12 వేలు పెరుగుతుంది.

నల్లగొండ పద్దులు · 24 నవంబర్

సెక్షన్ సరిగ్గా చెప్పావు తమ్ముడూ, కానీ అది నష్టం గురించి మాట్లాడుతుంది. ఆ 96 వేలు వ్యాపార నష్టం కాదు, డిప్రిసియేషన్. పాత డిప్రిసియేషన్ ఈ ఏడాది డిప్రిసియేషన్‌లో కలిసిపోతుందని సెక్షన్ 32(2) అంటుంది. కాబట్టి 78 దానికి తగలదు అనేది నా అభిప్రాయం. వాళ్ల 3 లక్షల వ్యాపార నష్టం పోయిన ఏడాదే పూర్తిగా వాడేశారు. అదే 2024 మార్చిలో బావమరిది వెళ్లిపోయి ఉంటే 1 లక్ష 20 వేలు నిజంగానే పోయేది.

అచ్చంపేట ఆర్టికల్ · 24 నవంబర్

మా సార్ మాత్రం డిప్రిసియేషన్ కూడా వాటా ప్రకారం తీసేసి వేస్తారు మేడమ్. అధికారి అడిగితే వాదించడం కంటే అది సేఫ్ అంటారు.

నల్లగొండ పద్దులు · 24 నవంబర్

మీ సార్ జాగ్రత్త ఆయనది. 12 వేల కోసం గొడవ ఎందుకు అనుకునే క్లయింటుకు అదే సరి. నేనైతే పూర్తిగా వేసి, ఫైల్లో ఒక నోట్ పెట్టుకుంటాను.

జడ్చర్ల తమ్ముడూ, కొత్త డీడ్‌లో చెల్లెలి జీతం రాయడం మర్చిపోకండి, డీడ్‌లో లేని జీతం ఖర్చుగా ఒప్పుకోరు. ఇంకొకటి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది, సెక్షన్ నంబర్లు మారతాయి. పాత నష్టాలు మిగిలిన ఏళ్లతో సహా అందులోకి వస్తాయి.

పల్లీల బిడ్డ · 24 నవంబర్

ఆడిటర్ గారితో మాట్లాడా. 96 వేలు పూర్తిగా వేద్దాం అన్నారు. డిసెంబర్‌కు లక్షన్నర కట్టి, మిగతాది మార్చిలో. గానుగ ఏప్రిల్‌కు వాయిదా వేశాం. బావమరిది మాత్రం తన 40 వాటా లెక్కలో ఈ ఏడాది టాక్స్ ఎందుకు తగ్గించాలి, నేను పోయేది మార్చి 31నే కదా అంటున్నాడు.

మిల్లు వెంకన్న · 24 నవంబర్

ఆ పంచాయితీ ఏ సెక్షన్ కిందికీ రాదు తమ్మీ, మీ అత్తగారి ఇంట్లో తేల్చుకోవాల్సిందే.